మూడు గళ్ళలో ఇమడని కేసు

   

డిగ్రీ పరీక్ష కోసం కాంట్రాక్టు అధ్యాయాన్ని చెల్లుబాటు లక్షణాలు, ప్రతివాది వాదనలు, పరిహారాలు అని మూడు గళ్ళుగా కుదించడం మన గైడ్ల ఆనవాయితీ. ప్రతిపాదన, ఆమోదం, ప్రతిఫలం మీకు కంఠతా వచ్చినవే, వదిలేద్దాం. నా పేచీ బలవంతంతోనే. 1872 చట్టం 10వ సెక్షన్ స్వేచ్ఛా సమ్మతిని లక్షణాల్లో చేర్చింది. 15 బలవంతాన్ని నిర్వచించింది. 19 రద్దు చేసుకునే హక్కునిచ్చింది. అంటే అది మూడు గళ్ళలోనూ ఉంది. గైడు దాన్ని రెండో గడిలో పడేస్తే, ‘బలవంతం ఉంటే ఒప్పందం చెల్లదు’ అని విద్యార్థి రాసేస్తాడు. తప్పు. బలవంతానికి లోనైన మనిషి ఊరుకుంటే ఆ కాంట్రాక్టు నిలుస్తుంది.

1917లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన చిక్కం అమ్మిరాజు కేసు చూడండి. తన సోదరుడి పేర ఆస్తి హక్కు విడుదల దస్తావేజు రాయకపోతే ఆత్మహత్య చేసుకుంటానని ఒకాయన భార్య శేషమ్మనూ కొడుకునూ బెదిరించాడు. వాళ్ళు రాసిచ్చారు. ఆ ఆస్తి మీద తమకు హక్కుందన్నది వాళ్ళ వాదన. 15వ సెక్షన్ ప్రకారం శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించడం బలవంతం. చనిపోయినవాణ్ణి శిక్షించలేకపోయినా ఆత్మహత్యాయత్నం నేరమే కాబట్టి, ఆ పని నిషిద్ధమేనని ప్రధాన న్యాయమూర్తి వాలిస్, శేషగిరి అయ్యర్ తేల్చారు. శిక్ష లేని పనిని స్మృతి నిషేధించినట్టు కాదని ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు.

గైడ్లు ఈ కేసుకు ఒక్క వాక్యం కేటాయిస్తాయి: ఆత్మహత్య బెదిరింపు బలవంతమే. కానీ మెజారిటీ నిలబడింది శిక్షాస్మృతి 309వ సెక్షన్ మీద. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో, విధి విషయంలో ఒత్తిడి చేయడానికో చేసే ఆత్మహత్యాయత్నమే సంహిత 226 కింద నేరం. భార్యాబిడ్డలను లొంగదీయడానికి చేసేది అందులోకి రాదు. శిక్షాస్మృతి అమల్లో ఉందా లేదా అన్నది అనవసరమని 15 కింది వివరణ చెబుతోంది కదా అని కొందరు మిత్రులు అడ్డుపడతారు. ఆ వివరణ చోటు గురించి, కాలం గురించి కాదు. కొత్త దస్తావేజుల విషయంలో ఓల్డ్‌ఫీల్డ్ మాటకే బలం పెరిగిందని నా వాదన.

అయితే భార్యకు దారి మూసుకుపోలేదు. 16వ సెక్షన్ కింద అనుచిత ప్రభావం ఉంది. అక్కడ శిక్షాస్మృతి ప్రసక్తే లేదు. భర్త ఆమె మీద పైచేయిగా ఉన్నాడని, దాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందాడని రుజువు కావాలి. ఇక్కడ లాభం పొందింది సోదరుడు. పరీక్షలో అడగవలసిన చిక్కు అదే. నేను ఇప్పుడు రాస్తున్న తెలుగు కేసు నోట్సులో మొదటి ప్రశ్నగా దీన్నే పెట్టాను: అదే దస్తావేజు ఈ ఏడాది రాసి ఉంటే శేషమ్మ ఏ సెక్షన్ కింద, ఎవరి మీద, ఏమి కోరుతూ దావా వేయాలి?