నెల క్యారేజీ ధర

మాదాపూర్ ఆఫీసులకు 30 క్యారేజీలు పంపే వంటిల్లు ఉందనుకుందాం. 22 పనిదినాలకు 660 భోజనాలు. అన్నం, పప్పు, కూర, పెరుగు కలిపి ఒక్కోదానికి సరుకులు 45 రూపాయలు, గ్యాసు 5. ఈ 50 మాత్రమే చూస్తే 70కి ఇచ్చినా లాభమే అనిపిస్తుంది. కానీ వంటమనిషి జీతానికి నెలకు 26,400, చేరవేసే అబ్బాయికి పెట్రోలుతో సహా 13,200 అవుతాయి. అంటే భోజనానికి మరో 60. ఖర్చు 110 తేలింది. మిగులుకు 10 కలిపితే భోజనం 120, అంటే ఒక్కో క్యారేజీకి నెలకు 2,640.

ఇంట్లోవాళ్లే వండితే జీతమెందుకంటారు. వాళ్లకు జ్వరమొస్తే మనిషిని పెట్టుకోవాల్సిందేగా! ఆ డబ్బు ధరలో ముందే ఉండాలి. ఇక చందాదారులు సెలవు పెట్టిన రోజుకి 120 తగ్గించమంటారు. ఒక్క క్యారేజీ తగ్గితే జీతాలు తగ్గవు, గ్యాసూ పెద్దగా తగ్గదు. కూరగాయలు కొనకముందే, అంటే ముందురోజు సాయంత్రమే చెబితే, సరుకుల 45 తగ్గించడం న్యాయం. ఆ మాట చందా తీసుకునేటప్పుడే చెప్పాలి.