మళ్ళీ అదే తప్పు చేసిన జూనియర్‌కి మెసేజ్ ఎట్ల రాయాలె?

ఈరోజు ఒక్క మెసేజ్ గురించే మాట్లాడుకుందాం.

ఇట్ల అనుకోండి. సీనియర్ కామారెడ్డిలో ఉన్నడు, జూనియర్ ఎల్లారెడ్డిలో. రైతుల భూమి వివరాలు జూనియర్ ఎక్సెల్ షీట్‌లో కొడుతడు, సీనియర్ చెక్ చేస్తడు. వారంలో మూడు తప్పులు దొరికినయ్. 2 ఎకరాల 5 గుంటలను 2.5 అని, 1 ఎకరం 8 గుంటలను 1.8 అని, 3 ఎకరాల 2 గుంటలను 3.2 అని కొట్టిండు.

చాలామంది వెంటనే గ్రూప్‌లో ఏం పెడతరు? "మళ్ళీ అదే తప్పా? ఎన్నిసార్లు చెప్పాలె?" దీంట్ల ఏ వరుసలో తప్పుందో లేదు, ఎందుకు తప్పో లేదు. పిల్లగాడికి మిగిలేది భయం ఒక్కటే. రేపు డౌట్ వచ్చినా అడగడు.

రాసే ముందు మూడు తప్పులను పక్కపక్కన పెట్టి చూడండి. అవి మూడు కాదు, ఒక్కటే. మన దగ్గర ఎకరాలు, గుంటలు రాసేటప్పుడు మధ్యల చుక్క దశాంశం కాదు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 5 గుంటలంటే .05 అని రాయాలె. 2.5 అంటే 50 గుంటలైతది, అంత ఉండదు కాబట్టి చూడంగనే దొరుకుతది. కానీ 3.2 అంటే 20 గుంటలు. చూస్తే కరెక్టే అనిపిస్తది, కానీ 18 గుంటలు ఎక్కువ పడ్డట్టు.

ఇప్పుడు మెసేజ్ పర్సనల్‌గా, ఇట్ల:

"తమ్ముడూ, సర్వే నంబర్లన్నీ కరెక్ట్‌గ ఉన్నయ్, వాటిని మళ్ళీ చూడకు. 12, 27, 41 వరుసల్లో గుంటల దగ్గర ఒకే రకం తప్పు ఉంది. 41లో 3.2 ఉంది, కాగితంలో 3 ఎకరాల 2 గుంటలు. అంటే 3.02 రావాలె. ఇట్లనే పోతే రైతుకు 18 గుంటలు ఎక్కువ చూపిస్తది. మిగతా రెండు నువ్వే సరిచేసి సాయంత్రం 5 లోపు పంపు. రేపటి నుంచి ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెడదాం. ఏమన్న అర్థం కాకపోతే కాల్ చెయ్."

గమనించిన్రా? మెచ్చుకోలు కూడా పనికొచ్చే సమాచారమే, ఏది మళ్ళీ చూడొద్దో చెప్తుంది. నష్టం దాచలేదు, కానీ "నువ్వు అజాగ్రత్త" అనలేదు. రెండు తప్పులు ఆయనకే వదిలితే, అర్థమైందో లేదో సాయంత్రానికే తెలుస్తది.

కాలమ్‌లు వేరు చేస్తే మొత్తం కూడా సరిగ్గ వస్తది. B ఎకరాలు, C గుంటలు అనుకుంటే, మొదటిది ఎకరాలు, రెండోది మిగిలిన గుంటలు:

```
=SUM(B2:B50)+INT(SUM(C2:C50)/40)
=MOD(SUM(C2:C50),40)
```

కాలమ్‌లు మార్చినంక కూడా గుంటల్లో తప్పులొస్తున్నయంటే, ఇంకో మెసేజ్ రాయకండి. అసలు కాగితం మీద అంకెలు సరిగ్గ కనిపిస్తున్నయా అని ఫోన్ చేసి అడగండి. అప్పుడు తప్పు వేరే దగ్గర ఉండొచ్చు.

మీ టీమ్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే తప్పు ఏదో కామెంట్‌లో రాయండి.