మల్కాపురం శాసనం, ఒక నూలు తాడు

వెలగపూడి సచివాలయానికి కూతవేటు దూరంలో, మందడం పక్కనున్న మల్కాపురంలో ఒక రాతి స్తంభం ఉంది. మనిషి ఎత్తును మించిన ఆ స్తంభం పైన నంది కొలువై ఉంటాడు. కింద నాలుగు వైపులా అక్షరాలు. అది శక సంవత్సరం 1183, అంటే సామాన్య శకం 1261 నాటి శాసనం. కాకతీయ గణపతిదేవుడు ఇస్తానన్న మందడాన్ని, దానితోపాటు వెలగపూడిని, ఆయన కూతురు రుద్రమదేవి ఒక శైవ గురువుకు ధారపోసిన సంగతి అందులో ఉంది. ఆ గురువు విశ్వేశ్వర శంభువు. పుట్టింది గౌడదేశంలోని దక్షిణ రాఢలో, పూర్వగ్రామంలో. బెంగాల్ నుంచి వచ్చిన ఒక సన్యాసికి కృష్ణాతీరంలో ఇంత భూమి ఎందుకు దక్కింది? ఈ ఉపన్యాసం ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని సాగుతుంది.

దానికి జవాబు తంత్రంలో ఉంది. తంత్రం అనగానే మన ఊళ్లలో నిమ్మకాయలు, ముగ్గులు, అర్ధరాత్రి శ్మశానం గుర్తుకొస్తాయి. మధ్యయుగ భారతంలో రాజాస్థానాలను ఏలిన తంత్రం చాలావరకు అది కాదు. శైవ సిద్ధాంతం అనే ఆ ధార శివాలయాల ప్రతిష్ఠ, నిత్యార్చన, దీక్షలకు విధులు ఏర్పరచింది. ఇప్పటికీ మన శివాలయాల్లో ఆగమం ప్రకారం పూజ అంటే ఆ సంప్రదాయపు వారసత్వమే.

సిద్ధాంత శైవుల వాదం చాలా పదునైనది. ఆత్మను కట్టిపడేసే మలం కేవలం అజ్ఞానం కాదు, అదొక ద్రవ్యం అన్నారు. కంటికి శుక్లం కమ్మితే, అది శుక్లమని తెలుసుకున్నంత మాత్రాన చూపు రాదు కదా, వైద్యుడు చెయ్యి వేయాలి. అలాగే మలాన్ని తీయడానికి కర్మ కావాలి. ఆ కర్మే దీక్ష. చేసేది గురువు శరీరం, చేయించేది శివుడు. మోక్షాన్ని ఎన్నో జన్మల సాధన నుంచి ఒక గురువు రెండు రోజుల్లో జరిపించే క్రియ వద్దకు తెచ్చిన మలుపు ఇది.

ఆ క్రియను పదకొండో శతాబ్దంలో సోమశంభువు అనే ఆచార్యుడు తన పద్ధతి గ్రంథంలో అంచెలంచెలుగా రాసిపెట్టాడు. మొదటి రోజు శిష్యుడి కళ్లకు గంతలు కట్టి మండలం దగ్గరకు తెస్తారు. చేతిలో పువ్వు పెట్టి విసరమంటారు. అది మండలంలో ఎక్కడ పడితే దాన్ని బట్టి దీక్షానామం. గురువు తన చేతిని శివహస్తంగా భావించి శిష్యుడి తల మీద ఉంచుతాడు. ఆ రాత్రి శిష్యుడు అక్కడే పడుకుంటాడు. తెల్లవారాక కల ఏమొచ్చిందో చెప్పాలి, చెడు కలైతే శాంతి హోమం.

రెండో రోజుది అసలు ఘట్టం. పేనిన నూలు తాడును శిష్యుడి పిలక నుంచి కాలి బొటనవేలి వరకు వేలాడదీస్తారు. దాని పేరు పాశసూత్రం. నివృత్తి, ప్రతిష్ఠ, విద్య, శాంతి, శాంత్యతీత అనే ఐదు కళలు ఆ తాడులో ఐదు భాగాలు. సృష్టిలోని ముప్పై ఆరు తత్త్వాలూ వాటిలోనే ఇమిడి ఉంటాయి. ఒక్కో భాగంలో శిష్యుడికి రావలసిన జన్మలన్నిటినీ గురువు మంత్రాలతో అక్కడే పుట్టించి, అనుభవింపజేసి, ముగిస్తాడు. ఆపైన కత్తెరతో ఆ ముక్క కోసి, నేతిలో ముంచి అగ్నిలో వేస్తాడు. ఐదు ముక్కలూ అయ్యాక పిలకను కూడా కోసి హోమం చేస్తాడు. ఈ శరీరాన్ని నడిపిస్తున్న ప్రారబ్ధాన్ని మాత్రం ముట్టుకోడు. అది కూడా కాలిపోతే శిష్యుడు అక్కడికక్కడే మరణించాలి మరి!

ఇక్కడే రాజుకు తలుపు తెరుచుకుంది. దీక్ష పుచ్చుకున్నవాడు జీవితాంతం రోజూ శివార్చన చేయాలి, నియమాలు పాటించాలి. యుద్ధాలూ వ్యవహారాలూ నెత్తిన ఉన్న రాజుకు అది ఎలా కుదురుతుంది? అందుకని నిర్బీజ దీక్ష అనే ఏర్పాటు చేశారు. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు, రోగులు, భోగాలలో ఉన్న రాజులు, వీరికి ఆ నియమాలను పాటించవలసిన బాధ్యతను కూడా దీక్షలోనే తీసేస్తారు. ఫలం మాత్రం అదే మోక్షం. మధ్యయుగ శైవం చేసిన ఆవిష్కరణల్లో రాజ్యాలను కదిలించినది ఇదే. మంత్రతంత్రాల మహిమ కంటే ఈ మినహాయింపే రాజులను గురువుల పాదాల దగ్గరకు చేర్చింది.

నియమాల బరువు తగ్గినచోట దక్షిణ బరువు పెరిగింది. గ్వాలియర్ ప్రాంతంలో అవంతివర్మ అనే రాజు పురందరుడనే గురువును పిలిపించి దీక్ష పొందాడు, తన రాజ్యసారాన్ని దక్షిణగా సమర్పించాడని రణోద్ శాసనం చెబుతుంది. త్రిపురి కలచురి రాజు యువరాజదేవుడు సద్భావ శంభువుకు మూడు లక్షల గ్రామాలిచ్చాడని మల్కాపురం శాసనమే చెబుతోంది. ఆ అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు, ప్రశస్తి రాసే కవి చేతిలో సంఖ్యలు పెరగడం మామూలే. ఆ దానంతో డాహల మండలంలో నిలిచినది గోళకీ మఠం. సోమశంభువు ఆ మఠపు పరంపరలోని వాడే. తరాల తరువాత అదే పరంపరలో విశ్వేశ్వర శంభువు వచ్చి గణపతిదేవుడికి దీక్షాగురువు అయ్యాడు.

శాసనాల్లో ఎవరిది ఏ శాఖో గుర్తుపట్టడానికి పేరు చివర చూడాలి. శివ, శంభు అని ముగిస్తే సాధారణంగా సిద్ధాంత శైవుడు. రాశి, శక్తి అని ఉంటే పాశుపత, కాలాముఖుల వైపు చూడాలి. కాకతీయుల ఇంట్లో మొదట ఉన్నది కాలాముఖులే. రెండో బేతరాజు కాలం నాటి గురువు రామేశ్వర పండితుడు శ్రీశైలానికి చెందిన కాలాముఖుడు. గణపతిదేవుడి కాలానికి గోళకీ వాళ్లు ఆ చోటికి చేరారు.

విశ్వేశ్వర శంభువు ఆ భూమిని ఏం చేశాడన్నది మల్కాపురం శాసనంలో ఆగి చదవవలసిన భాగం. విశ్వేశ్వర గోళకి అనే గ్రామం కట్టించి, గుడి, మఠం, అన్నసత్రం నెలకొల్పి, ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలు అరవైని తెచ్చి నిలిపాడు. మిగతా రాబడిని మూడు సమభాగాలు చేశాడు. ఒకటి శివుడికి. రెండోది విద్యార్థుల భోజనానికి, శైవ మఠానికి. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణ సత్రానికి. పదమూడో శతాబ్దపు రాతి మీద పురిటి ఇంటికి రాబడి కేటాయించిన ఆ పంక్తి దగ్గర ఎవరైనా ఒక నిమిషం నిలబడిపోతారు. ముగ్గురు అధ్యాపకులు వేదాలు చెప్పాలి, ఐదుగురు వ్యాకరణ, తర్క, సాహిత్య, ఆగమాది శాస్త్రాలు చెప్పాలి. వైద్యుడు ఒకడు, లెక్కలు రాసే కాయస్థుడు ఒకడు. గుడిలో నర్తకీమణులు, వాద్యగాళ్లు, కాశ్మీరదేశపు గాయకుడు. ఊరికి కాపలాగా వీరభద్రులనే భటులు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవారందరికీ ఎప్పుడూ అన్నం పెట్టాలి.

ఈ నిర్మాణానికి ఒక బలహీనత ఉంది, అది మొదటి నుంచీ ఉన్నదే. గురువు మీద విశ్వాసం ఉన్న రాజవంశం నిలిచినంతకాలమే దానికి కాపుదల. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆ కాపుదల పోయింది. ప్రసూతిశాల ఏ తావులో ఉండేదో ఇప్పుడు చూపించగలవాళ్లు లేరు. వెలగపూడి పేరు మాత్రం రాతి మీద ఉన్నట్టుగానే, బస్సు బోర్డుల మీద కూడా ఉంది. స్తంభం మీద నంది ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.