నత్రజని క్యాను - స్ట్రాల నిలువ: సంఘాలు పాటించవలసిన పద్ధతి
(నెల్లూరు తీర ప్రాంత పాల సంఘాల సభ్యులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన అల్లూరు, ఇందుకూరుపేట, కోట, వాకాడు ప్రాంతాల్లో గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది చలికాలంలో. అక్టోబరు మొదలుకొని ఫిబ్రవరి దాకా సూది వేయించే పని ముమ్మరంగా ఉంటుంది. మన తీరానికి తుపాన్లు, ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చేదీ ఆ నెలల్లోనే. అంటే నత్రజని ఎక్కువగా కావలసిన రోజుల్లోనే నత్రజని బండి రావడం కష్టమవుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అటువంటి రోజుల్లో క్యానులో ఎంత ద్రవం ఉంది, అది ఎన్నాళ్లు వస్తుంది అన్న లెక్క ముందే తెలిసి ఉండాలి. ఈ రోజు ముఖ్యంగా ఆ లెక్క గురించి, స్ట్రా తీసే పద్ధతి గురించి చెబుతాను.

స్ట్రా ఎలా చెడుతుంది?

మనం వాడే సన్నని స్ట్రాలో పావు మిల్లీలీటరు వీర్యం ఉంటుంది. అది ద్రవ నత్రజనిలో, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో ఉన్నంత కాలం ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది. చలి తగ్గి సున్నాకు దిగువన 130 డిగ్రీలు దాటిందంటే లోపలి సన్నని మంచు రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కావడం మొదలవుతుంది. ఆ పెద్ద రేణువులు వీర్యకణాల పొరను చీలుస్తాయి. ఇంత జరిగినా స్ట్రా పైకి గట్టిగానే ఉంటుంది, రంగు మారదు. తిరిగి నత్రజనిలో ముంచితే మళ్లీ చల్లబడుతుంది గాని, చనిపోయిన కణాలు బతకవు. సభ్యులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే. అడుగంటిన క్యానును నింపినంత మాత్రాన పోయిన వీర్యం తిరిగి రాదు.

సన్నని స్ట్రా కనుక అది వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. క్యాను అడుగున 196 డిగ్రీల చలి ఉన్నా, మెడ పైభాగంలో చల్లదనం ఐసు పెట్టెలో ఉన్నంత మాత్రమే. కానిస్టరును మెడలోకి ఎత్తి, కావలసిన స్ట్రా కోసం వెదుకుతూ కూర్చుంటే, వాడేది ఒక్క స్ట్రా అయినా అందులోని స్ట్రాలన్నీ కొంతకొంతగా దెబ్బతింటాయి. ఒకనాడు కొంచెం, మరునాడు మరికొంచెం చొప్పున ఈ నష్టం పోగవుతుంది.

స్ట్రా తీసే పద్ధతి

ఏ కానిస్టరులో ఏ ఆబోతు స్ట్రాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి క్యాను దగ్గర గోడకు అంటించాలి. వెదుకులాట అంతా కాగితం మీదనే ముగియాలి. నీళ్లు, తుడిచే గుడ్డ, సూది గన్ను, కత్తెర అన్నీ సిద్ధం చేసుకున్న తరువాతనే మూత తీయాలి.

కానిస్టరును క్యాను మూతి అంచుకు నాలుగు వేళ్ల కిందనే ఆపాలి. అంతకు పైకి రానివ్వకూడదు. పొడుగు చిమటాతో స్ట్రా పట్టుకొని తీయాలి, వేళ్లతో కాదు. మనసులో పది లెక్కపెట్టేలోగా పని కావాలి. కాకపోతే కానిస్టరును కిందికి దించి, అర నిమిషం ఆగి, మళ్లీ ఎత్తాలి. ఇంకో పది లెక్కపెట్టి చూద్దామనుకోకూడదు.

తీసిన స్ట్రాను ఒకసారి విదిలించి, 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. చేయి పెట్టి వేడి అంచనా వేయవద్దు, ధర్మామీటరు వాడాలి. చొక్కా జేబులో పెట్టి కరిగించడం, పశువు దగ్గరకు నడుస్తూ అరచేతిలో నలపడం తప్పు. కరిగిన స్ట్రాను గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఒక్క నీటిచుక్క లోపలికి పోయినా వీర్యకణాలకు హాని. ఎండ తగలనీయకుండా 15 నిమిషాలలోగా వాడెయ్యాలి. పశువు దొరకలేదని కరిగిన స్ట్రాను తిరిగి క్యానులో వేయకూడదు. కనుక పశువును కట్టి, ఎద సరిగా ఉందని చూసుకొన్న తరువాతనే స్ట్రా తీయమని గోపాలమిత్రకు చెప్పండి. రైతు ఎదుట నిలబడితే ఇవన్నీ కంటికి కనబడే పనులే.

ద్రవం లెక్క

ద్రవం ఎంత ఉందో చూడడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, క్యానుతో వచ్చే కొలబద్ద. దానిని అడుగు తగిలేదాకా దించి, కొద్ది సెకన్లు ఉంచి, పైకి తీసి గాలిలో ఊపితే ద్రవంలో మునిగినంత మేర తెల్లని మంచు పడుతుంది. ఆ మంచు గీతే ద్రవం ఎత్తు. బోలుగా ఉన్న గొట్టం మాత్రం పెట్టవద్దు. గొట్టంలోంచి ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. స్ట్రా పొడవు 13 సెంటీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. కనుక పెద్ద క్యానులో గీత 15 సెంటీమీటర్లకు దిగిందంటే అది ఆఖరి హెచ్చరిక. ఆ లోపలే నింపించాలి.

రెండవది తూకం. నాకు ఇది మరింత నమ్మకమైనదిగా తోస్తుంది. ద్రవ నత్రజని లీటరు 800 గ్రాములు తూగుతుంది. ఒక ఉదాహరణ తీసుకొందాం. మన కేంద్రంలో 35 లీటర్ల క్యాను ఉందనుకోండి. కానిస్టర్లతో సహా ఖాళీ బరువు 16 కిలోలు. నిండుగా ఉంటే 28 కిలోల ద్రవం చేరి 44 కిలోలు తూగుతుంది. ప్రతి సోమవారం తూచి పుస్తకంలో రాస్తున్నారు. పోయిన సోమవారం 31 కిలోల 400 గ్రాములు, ఈ సోమవారం 30 కిలోలు. వారానికి కిలో 400 గ్రాములు పోయింది, అంటే లీటరు ముప్పావు. రోజుకు పావు లీటరు.

ఇప్పుడు క్యానులో ఉన్న ద్రవం 14 కిలోలు, అంటే 17 లీటర్లన్నర. అందులో 10 లీటర్లు ఎప్పుడూ తగ్గకూడని నిలువ అని సంఘం పెట్టుకొన్నదనుకోండి. మిగిలినది 7 లీటర్లన్నర. రోజుకు పావు లీటరు చొప్పున 30 రోజులు వస్తుంది. తుపాను కబురు రేడియోలో విన్నప్పుడు కంగారు పడవలసిన పని లేదు, పుస్తకం చూస్తే చాలు. మూత తరచు తీసే రోజుల్లో, చిన్న క్యానులకు పోసి ఇచ్చే రోజుల్లో ఖర్చు పెరుగుతుంది. కనుక అక్టోబరు నెలాఖరుకు ప్రతి కేంద్రం క్యాను నిండుగా ఉండేట్లు చూసుకోవాలి.

ఈ పుస్తకం ఇంకొక సంగతి కూడా చెబుతుంది. రోజుకు 200 గ్రాములు తగ్గే క్యాను ఉన్నట్టుండి రోజుకు కిలో తగ్గిందంటే దాని శూన్యం పోయినట్లే. అదే 7 లీటర్లన్నర అప్పుడు 6 రోజులకు మించి రాదు. ఆ స్థితిలో క్యాను పైభాగాన, మెడ చుట్టూ బయటివైపు చెమట గాని మంచు గాని కనిపిస్తుంది. మూత దగ్గర కొద్దిపాటి మంచు సహజమే. బయటి గోడ మీద మంచు సహజం కాదు. వెంటనే స్ట్రాలను నత్రజని ఉన్న వేరే క్యానులోకి మార్చాలి. రెండు క్యానుల మూతులు పక్కపక్కన పెట్టుకొని, గోబ్లెట్‌ను రెండు మూడు సెకన్లలో దాటించాలి.

శూన్యం ఎందుకు పోతుంది?

ఇండియన్ ఆయిల్ సంస్థ నాసిక్‌లో చేసే క్యానులు గాని, మరొకరివి గాని, నిర్మాణం ఒకటే. బయట ఒక పాత్ర, లోపల ఒక పాత్ర, రెంటి మధ్య గాలి లేని శూన్యం. లోపలి పాత్ర పూర్తిగా మెడ మీదనే వేలాడుతూ ఉంటుంది. క్యానును ఒక పక్కకు గట్టిగా కుదిపినా, దొర్లించినా, పడవేసినా లోపలి పాత్ర ఊగి మెడ దగ్గర చీలిక వస్తుంది. మోటారు సైకిలు మీద 3 లీటర్ల క్యానును నిలువుగా, మెత్తని గుడ్డలు కూరిన చెక్కపెట్టెలో పెట్టి తీసుకుపోవాలి.

మన తీరానికి మరొక చిక్కు ఉంది. ఉప్పుగాలి, తేమ అల్యూమినియాన్ని తింటాయి. సిమెంటు నేల మీద తడిలో పెట్టిన క్యానుకు అడుగున గుంటలు పడతాయి. కాబట్టి చెక్కపలక మీద, గాలి ఆడే నీడలో ఉంచి, రోజూ పొడిగుడ్డతో తుడవాలి.

మనిషికి ప్రమాదం

ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువు అవుతుంది. అందువల్ల క్యానుకు దాని మూత తప్ప వేరే బిరడా బిగించరాదు. దారి లేక వాయువు పేలుతుంది. నత్రజనికి వాసన లేదు, రంగు లేదు. మూసిన చిన్న గదిలో అది ప్రాణవాయువును పక్కకు నెడుతుంది, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. క్యాను ఉన్న గది కిటికీలు తీసి ఉంచాలి. అద్దాలు మూసిన కారులో క్యాను పెట్టుకొని పోరాదు. అటువంటి గదిలో ఎవరైనా పడిపోతే ముందు తలుపులు, కిటికీలు తెరవాలి. గాలి ఆడకుండా లోపలికి దూకితే రెండవ మనిషి కూడా పడిపోతాడు.

నింపేటప్పుడు కళ్లద్దాలు, వదులైన తోలు తొడుగులు, మూసిన చెప్పులు ఉండాలి. ద్రవం చర్మం మీద పడితే కాలినట్లే పుండవుతుంది. రుద్దకుండా, గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పొర్లిన గేదెల పుస్తకం

చివరిగా ఒక మాట. స్ట్రా చెడిందని కంటికి తెలియదు, పశువే చెబుతుంది. సూది వేసిన ప్రతి గేదెకు తేదీ, స్ట్రా మీది ఆబోతు నంబరు, ఏ క్యానులోనిది అన్నవి రాయండి. 21 రోజుల తరువాత మళ్లీ పొర్లిందా అన్నది దాని ఎదురుగా రాయండి. ఒక గేదె పొర్లితే కారణం గేదెలోనే ఉండవచ్చు, ఎద వేళ తప్పి ఉండవచ్చు. కాని ఒకే క్యానులోని స్ట్రాలతో వేసినవి వరుసగా పొర్లుతూ, అదే ఆబోతు స్ట్రాలతో పక్క కేంద్రంలో చూళ్లు నిలుస్తూ ఉంటే, అనుమానం క్యాను మీద పెట్టాలి. ఆ స్ట్రాలు నాలుగు వేరే నత్రజని క్యానులో ఉంచి పశువైద్య ప్రయోగశాలకు పంపితే, కరిగించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మంచి స్ట్రాలో కరిగించిన తరువాత కూడా కణాలలో సగమైనా చురుగ్గా ముందుకు కదలాలి. అలా లేకపోతే ఆ క్యానులోని స్ట్రాలు ఎన్ని ఉన్నా పారవేయడమే లాభం. ఒక గేదె ఒక ఎద తప్పితే రైతుకు 21 రోజుల మేత దండగ. సీజను చివరలో తప్పితే వచ్చే చలికాలం దాకా వట్టిపోయి ఉండవచ్చు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మీ కార్యదర్శిని లెక్కల పుస్తకంతోపాటు తూకం పుస్తకం, పొర్లిన గేదెల పుస్తకం కూడా తెమ్మని అడగండి.