పన్ను కట్టించేది భయమా, నమ్మకమా?



పన్ను ఎగవేతపై 1972లో అల్లింగ్‌హామ్, సాండ్మో అనే ఆర్థికవేత్తలు ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. పట్టుబడే అవకాశమెంత, పట్టుబడితే జరిమానా ఎంత అని లెక్క వేసుకొని మనిషి ఎగవేతకు పూనుకుంటాడని దాని సారాంశం. కాని తనిఖీలు అరుదైన చోట కూడా ఎందరో పన్ను చెల్లిస్తూనే ఉంటారు. భయంతో వివరించలేని ఈ మిగులునే పన్ను నిష్ఠ అంటారు.

ఈ నిష్ఠ నీతిబోధతో పుట్టదు. 1995లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం కొందరు పౌరులకు వారి అంతరాత్మను తట్టే లేఖలు పంపింది. వాటి ప్రభావం దాదాపు కనిపించలేదు. నిష్ఠకు ఆధారం వేరొకటి ఉన్నదని బెంగళూరు అనుభవం సూచిస్తుంది.

2000కు పూర్వం ఈ నగరంలో ఇంటి పన్నును అధికారి అంచనా వేసిన వార్షిక అద్దె విలువను బట్టి నిర్ణయించేవారు. ఒకే వీధిలోని ఒకే తరహా ఇళ్లకు వేర్వేరు పన్నులు పడే వీలుండేది. అంచనా మనిషి చేతిలో ఉన్నంతకాలం బేరసారాలకు చోటుంటుంది. న్యాయంగా కట్టినవాడు తానే మోసపోయానని తలుస్తాడు. 2000లో నగరపాలిక స్వయం మదింపు విధానాన్ని ఐచ్ఛికంగా ప్రవేశపెట్టింది. ప్రాంతాన్ని, కట్టడపు రకాన్ని బట్టి చదరపు అడుగు రేట్లను ముందే ప్రకటించి, లెక్క కట్టే పనిని యజమానికే అప్పగించింది. వసూళ్లు గణనీయంగా పెరిగాయి.

2008లో వచ్చిన రూపంలో ఆ లెక్క ఎంత సులభమో చూడవచ్చు. ఒక ఇల్లు వెయ్యి చదరపు అడుగులనీ, నెలకు అడుగుకు 2 రూపాయల రేటనీ అనుకుందాం. పది నెలలకు 20,000 రూపాయలు. పాతబడినందుకు పదోవంతు తీసివేస్తే 18,000. నివాస గృహానికి పన్ను అందులో 20 శాతం, అనగా 3,600. దానిపై 24 శాతం సెస్సు 864. మొత్తం 4,464 రూపాయలు. పొరుగువాడి లెక్కకూ సూత్రమిదే కనుక సందేహానికి తావు తగ్గుతుంది.

దీనికి పరిమితులున్నాయి. అద్దెకిచ్చిన ఇంటిని సొంత నివాసమని చూపితే రేటు తగ్గుతుంది. తక్కువ రేటున్న మండలాన్ని ఎంచుకున్నా అంతే. అందువల్ల తనిఖీ ఉండక తప్పదు. అయితే పొరపాటును ఏళ్ల తరువాత గుర్తించి, వడ్డీతో సహా బకాయి అడిగితే, నిజాయితీగా పొరబడిన యజమాని కూడా తనను దొంగగా చూశారని భావిస్తాడు. తప్పును ఆ ఏడాదే చూపి సరిదిద్దుకొనే అవకాశమిస్తే తనిఖీ అందరి పట్ల న్యాయానికి హామీగా నిలుస్తుంది.

అద్దె ఇళ్లలో ఉండే వలస కుటుంబాలకూ ఈ విషయంతో సంబంధమున్నది. యజమాని కట్టే పన్నులో కొంత అద్దెలో కలిసే వస్తుంది. ఆ రేటు ఎలా ఏర్పడిందో, ఆ సొమ్ము తమ వార్డులో ఏ పనికి ఖర్చయిందో అడిగే హక్కు వారికీ ఉన్నది. ఆ ప్రశ్నకు లెక్కతో సమాధానం దొరికిన చోట పన్ను నిష్ఠ నిలుస్తుంది.