ఉపవాసం మర్నాడు కడుపు ఎందుకు మొరాయిస్తుంది?

నన్ను ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది పదో తరగతి, డాక్టర్ని కాదు. మా సంఘంలో జరిగిందీ, ఆరోగ్య కేంద్రంలో మాకు చెప్పిందీ చెప్తాను. ఇది నలుగురిలో మాట్లాడుకోవడానికి సిగ్గుపడే విషయం. సిగ్గుపడే మా అక్క ఒకావిడ రక్తం పడేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ కార్తీక మాసంలో ప్రతి సోమవారం ఉపవాసం ఉంటుంది. తెల్లారకముందే తలస్నానం, దీపం. ఆరింటికి టీ, పదకొండుకు టీ, మూడింటికి టీ. నీళ్ళు మాత్రం రెండు గ్లాసులు కూడా తాగలేదు. ఎందుకక్కా అంటే, "పని చేసే చోట బాత్రూం లేదమ్మా, తాగితే ఎక్కడికెళ్ళను?" అంది. రాత్రి చుక్క చూశాక పులిహోర, ఆరు గారెలు, సగ్గుబియ్యం పాయసం తిని పడుకుంది. మంగళవారం విరేచనం కాలేదు, కడుపు ఉబ్బింది. బుధవారం గట్టిగా ముక్కితే రక్తం పడింది. ఆరోగ్య కేంద్రంలో చూసి, గట్టిపడిన మలం వల్ల చీలిక వచ్చిందన్నారు.

ఎందుకిలా అయిందో మాకు విడమరిచి చెప్పారు. పొద్దున్నే కడుపులో ఏదైనా పడితే పెద్దపేగు కదులుతుంది, అప్పుడే మనకి వెళ్ళాలనిపిస్తుంది. ఉపవాసం రోజు ఆ కదలిక తగ్గుతుంది. మలం లోపల ఎంతసేపు ఆగితే పెద్దపేగు అంత నీరు లాగేస్తుంది. పైనుంచి మనం నీళ్ళు తాగం. ఇక రాత్రి తిన్న సగ్గుబియ్యంలో, గారెల నూనెలో, పంచదారలో పీచు లేదు. మలం గట్టిపడక ఏం చేస్తుంది?

తర్వాతి సోమవారం ఆవిడ ఉపవాసం మానలేదు, పద్ధతి మార్చింది. ఆదివారం రాత్రే ఆకుకూర పప్పు, చిక్కుడుకాయ కూరతో అన్నం తింది. సోమవారం లేవగానే గ్లాసు గోరువెచ్చని నీళ్ళు తాగి, వచ్చినా రాకపోయినా కాసేపు దొడ్లో కూర్చుంది. టీ ఒక్కసారే. మధ్యాహ్నం ఒక జామకాయ, తొక్కతో ఉడికించిన చిలగడదుంప, పల్చటి మజ్జిగ. సాయంత్రందాకా గంటా గంటన్నరకొక గ్లాసు నీళ్ళు. రాత్రి ముందు నీళ్ళు, అరటిపండు. పావుగంట ఆగి అన్నం, పెసరపప్పు, కూర, రెండే గారెలు. మంగళవారం పొద్దున టిఫిన్ తిన్న అరగంటలో విరేచనం అయింది. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మొక్కుకున్నవాళ్ళు ముందురోజు, విడిచాక నిదానంగా ఎక్కువ తాగాలి.

ఇది విని రేపట్నుంచే గిన్నెడు మొలకలు తినకండి. పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాసు, ఉబ్బరం వస్తాయి. వారం పది రోజుల్లో కొంచెం కొంచెం పెంచాలి, నీళ్ళు కూడా పెంచాలి. ఇసబ్‌గోల్ వేసుకునేవాళ్ళు చెంచాడు పొడిని నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. పొడిగా మింగితే గొంతులో అడ్డం పడుతుంది.

కొందరికి ఇది తిరగబడుతుంది. రోజంతా ఖాళీ కడుపుతో ఉండి ఒకేసారి పాలు, పాయసం తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, పాలు పడనివాళ్ళకి మరీను. వాళ్ళు పాల బదులు మజ్జిగ తాగి చూడాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపి తాగాలి. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు సమం చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, పెద్దది కాదు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, గర్భిణీలు డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. షుగరు ఉన్నవాళ్ళకి చెమటలు, వణుకు వస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగి ఉపవాసం విడవాలి. దేవుడు ఏమీ అనుకోడు.

మలంలో రక్తం పడినా, తారులా నల్లగా వచ్చినా చూపించుకోవాలి. ఐరన్ మాత్రలతో కూడా నల్లగా వస్తుంది, మలబద్ధకమూ వస్తుంది. కాబట్టి ఆ మాత్రలు వేసుకుంటున్నామని చెప్పాలి, మనంతట మనం మానకూడదు. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

మా సంఘం మీటింగు సోమవారమే. కార్తీకంలో టీ బదులు మజ్జిగ పెట్టాలని మినిట్స్‌లో రాసుకున్నాం. ఆ అక్క పనిచేసే చోట బాత్రూం కావాలని అందరం సంతకాలు పెట్టి కాయితం ఇచ్చాం. ఇంకా కట్టలేదు. కట్టేదాకా అడుగుతూనే ఉంటాం. నీళ్ళు తాగమని చెప్పడం తేలికే, తాగాక వెళ్ళడానికి చోటు కూడా ఉండాలి కదా అక్కా.