వద్దని చెప్పే ఉత్తరం: మాట చెడకుండా రాసే తీరు



సన్నీవేల్‌లోనూ, పక్కనే ఉన్న శాంటాక్లారా, మౌంటెన్ వ్యూలలోనూ కన్‌స్ట్రక్షన్ పనుల మీద ఉన్నవాళ్ళం మనం. ఒక్కోసారి రెండు చోట్ల నుంచి ఆఫర్ లెటర్ వస్తుంది. మంచిది ఒప్పుకుంటాం, బాగానే ఉంది. రెండోవాళ్ళకు వద్దని చెప్పే దగ్గరే చిక్కు. మొహం మీద కాదనడం మనకు అలవాటు లేదు. 'చూస్తాను సార్', 'ఇంట్లో అడిగి చెప్తా' అంటాం. మన ఊళ్ళో అయితే అర్థమైపోతుంది. ఇక్కడి సూపరింటెండెంట్‌కి అది 'వస్తాడు' అన్నట్టే వినిపిస్తుంది. ఆయన మన పేరు సోమవారం పనికి రాసేసుకుంటాడు.

ఇంకా ఒప్పుకోని ఆఫర్‌ను వద్దనడానికి చట్టం అడ్డు రాదు. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2922వ సెక్షన్ ప్రకారం, గడువు రాసుకోని ఉద్యోగాన్ని చేరాక కూడా ఎటువైపు వాళ్ళైనా తెలియజేసి ముగించవచ్చు. కానీ మన రంగం చిన్నది. ఈ ఏడు మనం వద్దన్న సబ్‌కాంట్రాక్టరే వచ్చే ఏడు మన సైట్‌లో కాంక్రీట్ పోయడానికి రావచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనవాడొకడికి సోమవారం ఒక కాంక్రీట్ సబ్‌కాంట్రాక్టర్ నుంచి ఫోర్‌మన్ ఆఫర్ వచ్చింది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. బుధవారం ఒక జనరల్ కాంట్రాక్టర్ నుంచి అసిస్టెంట్ సూపరింటెండెంట్ ఆఫర్ వచ్చింది. జీతం ఎక్కువ, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్. ఆ రాత్రే సంతకం పెట్టేశాడు. ఇక మొదటివాళ్ళకు వద్దని రాసేయొచ్చా?

కాస్త ఆగాలి. సంతకం పెట్టిన లెటర్‌ను మళ్ళీ చదవాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ అయ్యాకే ఉద్యోగం ఖాయం అని అందులో ఉంటే, అవి తేలేదాకా అది గట్టి ఆఫర్ కాదు. అప్పుడు మొదటివాళ్ళను 'వచ్చే బుధవారం దాకా గడువు ఇవ్వగలరా' అని అడగాలి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే శుక్రవారమే ఏదో ఒకటి తేల్చుకోవాలి. చేతిలో ఉంటుందిలే అని రెండుచోట్లా సరే అనకూడదు. మాట పోయేది అక్కడే.

రెండో ఉద్యోగం ఖాయమైన రోజే మొదటివాళ్ళకు చెప్పాలి. వాళ్ళ దగ్గర ఇంకొకరి పేరు ఉంటుంది; ఆలస్యమైతే ఆ మనిషీ చేజారతాడు. మనల్ని అక్కడికి సిఫారసు చేసిన తెలుగాయన ఎవరైనా ఉంటే, ముందు ఆయనకు ఫోన్ చేయాలి. 'అన్నా, మీ మాట మీదే పిలిచారు. నేను వేరేచోట చేరుతున్నా, వాళ్ళకు ఇవాళే చెప్తున్నా' అంటే చాలు. ఆ కబురు కంపెనీ నోట వింటే ఆయనకు తలవంపు.

తర్వాత ఆఫర్ ఇచ్చిన మనిషికి ఫోన్, ఆ వెంటనే ఈమెయిల్. ఇంగ్లిష్‌లోనే రాస్తాం కానీ, సారం ఇంతే:

'గారికి నమస్కారం. ఫోర్‌మన్ ఉద్యోగం ఇవ్వజూపినందుకు కృతజ్ఞతలు. సైట్ అంతా తిప్పి పని వివరించడానికి మీరు వెచ్చించిన సమయానికి కూడా. నేను మరో సంస్థలో ఉద్యోగం ఒప్పుకున్నాను. అందువల్ల మీ ఆఫర్‌ను స్వీకరించలేకపోతున్నాను. మీరు వేరేవారిని చూసుకోవడానికి వీలుగా వెంటనే తెలియజేస్తున్నాను. మీరిచ్చిన డ్రాయింగుల కాపీలు రేపు తెచ్చి ఇస్తాను. ముందుముందు మీతో కలిసి పనిచేసే అవకాశం వస్తే సంతోషిస్తాను.'

ఇందులో 'స్వీకరించలేకపోతున్నాను' అన్నది ముఖ్యం. 'ప్రస్తుతానికి కష్టం' అని రాస్తే బేరానికి పిలిచినట్టు ఉంటుంది. కొత్త జీతమెంతో రాయనక్కర్లేదు. ఫోన్‌లో అడిగినా 'అన్నీ చూసుకుని ఒప్పుకున్నాను సార్' అంటే సరిపోతుంది. 'ఊరెళ్ళాలి, అమ్మకు బాగాలేదు' అని మాత్రం రాయొద్దు. నెల తిరక్కుండా వేరే కంపెనీ హెల్మెట్‌తో ఎదురుపడితే ఏం చెప్తాం? క్షమాపణలు పేరాలకు పేరాలు కూడా అక్కర్లేదు. సైట్ తిప్పి చూపించారన్న ఆ ఒక్క వాక్యం మాత్రం ఎవరి ఉత్తరంలో వారిదే ఉండాలి. అది నిజంగా జరిగిన సంగతి కాబట్టి, చదివినాయనకు ఇది అందరికీ పంపే కాగితం కాదని తెలుస్తుంది.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఇంకో మాట. మొదటి కంపెనీ మన పిటిషన్ పనులు మొదలుపెట్టి ఉంటే, ఆపమని ఉత్తరంలోనే ఒక వాక్యం చేర్చాలి. లాయర్ ఖర్చు మిగిల్చామన్న సంగతి వాళ్ళు గుర్తుంచుకుంటారు. చేరబోయే కంపెనీ తన పిటిషన్ వేరుగా వేయాలి. అది ప్రభుత్వానికి అందినట్టు ఐ-797 రసీదు వచ్చేదాకా పాత ఉద్యోగం వదలకుండా ఉండటం మేలు.

జవాబుగా 'ఆల్ ది బెస్ట్' అని రెండు ముక్కలు రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. రాకపోతే కోపమనుకుని మళ్ళీ మళ్ళీ రాయొద్దు. డ్రాయింగులు రేపు ఇస్తామన్నాం కదా, రేపే ఇచ్చి రావాలి. సెలవు.